మూడుసార్లు 3 ఎందుకు?

లిఫ్టుల్లో, కొలత పరికరాల్లో కనిపించే రెండు వరుసల ఎల్‌సీడీలో సాధారణంగా హిటాచీ హెచ్‌డీ44780 గానీ, దానిలాగే నడిచే చిప్ గానీ ఉంటుంది. దానికి ఎనిమిది డేటా తీగలున్నా డి4 నుంచి డి7 వరకు నాలుగు చాలు. ప్రతి బైటునూ రెండు ముక్కలు చేసి, పై సగం ముందు, కింది సగం తర్వాత పంపుతాం. మన మైక్రోకంట్రోలర్‌లో నాలుగు పిన్నులు మిగులుతాయి.

చిక్కు మొదలయ్యేది రీసెట్ నొక్కినప్పుడు. కంట్రోలర్ మళ్లీ మొదటికి వస్తుంది, కరెంటు పోని ఎల్‌సీడీ మాత్రం పాత స్థితిలోనే ఉంటుంది. అది ఎనిమిది బిట్ల పద్ధతిలో ఉండొచ్చు, నాలుగు బిట్లలో కొత్త బైటు కోసం చూస్తుండొచ్చు, లేదా ఒక బైటు సగంలో ఆగి ఉండొచ్చు. అందుకే ఈ వరుస:

```
0x3  0x3  0x3  0x2
```

మూడో స్థితినే చూడండి. మొదటి 3 పాత బైటు మిగతా సగంగా కలిసిపోతుంది. తర్వాతి రెండూ జతకూడి 0x33 అవుతాయి, అంటే ఎనిమిది బిట్లకు మారమని ఆజ్ఞ. మిగతా రెండు స్థితుల్లోనూ చివరికి చేరేది అక్కడికే. అప్పుడు 2 పంపితే నాలుగు బిట్లు ఖాయం.

కరెంటు వచ్చాక 15 మిల్లీసెకన్లకు పైగా, మొదటి 3 తర్వాత 4.1 మిల్లీసెకన్లకు పైగా, రెండోదాని తర్వాత 100 మైక్రోసెకన్లకు పైగా ఆగాలి. ఆ తర్వాతే 0x28తో రెండు వరుసలని చెప్పాలి.

పై వరుసలో నల్లగడులే కనిపిస్తే ఆజ్ఞలు అందలేదన్నమాట. కరెంటు తీసి పెడితే బాగుండి, రీసెట్‌కి పిచ్చి అక్షరాలొస్తే ముందు ఈ వరుసనే అనుమానించండి.