బల్ల చుట్టూ ఎవరు కూర్చోవాలి?

ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉందనుకోండి. యాభై ఏళ్ల నాటి రెండంతస్తుల భవనం. స్లాబు కారుతోంది, మరుగుదొడ్లు పాడయ్యాయి. మరమ్మతులకు నిధులు వచ్చాయి. ప్రిన్సిపాల్ గదిలో ఇంజనీరు ప్లాను పరిచారు. అది చూసి మాట చెప్పాల్సిన వాళ్లెవరో ముందు తేల్చుకోవాలి.

దానికి ఒక కాగితం చాలు. నిలువు గీత అధికారానికి: పనిని, డబ్బును, ప్లానును ఎవరు ఆపగలరు? అడ్డగీత ఆసక్తికి: ఈ పనితో ఎవరి రోజు ఎంత మారుతుంది? నాలుగు గళ్లు వస్తాయి. 1981లో ఆబ్రే మెండెలో వేసిన పట్టిక దీనికి మూలం. అందులో అధికారం పక్కన ఉన్నది మార్పు వేగం; ఆసక్తి ఆ తర్వాత వచ్చి చేరింది.

ప్రిన్సిపాల్, ఇంజనీరు రెండింటిలోనూ పైనే ఉంటారు. వాళ్లను ఎవరూ మరిచిపోరు. మరిచిపోయేది అధికారం ఉండి ఆసక్తి లేనివాళ్లను. యూనివర్సిటీ పరీక్షల విభాగానికి మీ స్లాబుతో పనిలేదు. కానీ కళాశాల పరీక్షా కేంద్రమైతే, సెమిస్టర్ మొదలైన రోజు డ్రిల్లింగ్ ఆగిపోతుంది. అందుకే పరీక్షల తేదీలు ముందే తెలుసుకుని కాంట్రాక్టరు ఒప్పందంలో రాయించాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది నాలుగో గడి: ఆసక్తి ఎక్కువ, అధికారం తక్కువ. పుస్తకాలు వీళ్లకు 'సమాచారం ఇస్తూ ఉండండి' అంటాయి. అది చాలదు. ఊడ్చే ఆమెకు ప్లాను చూపిస్తే, "సార్, పైన బకెట్లు పట్టుకునే కుళాయేదీ? కిందనుంచి మోయాలా?" అని అడుగుతుంది. ఇప్పుడైతే ఒక పెన్సిల్ గీత. తర్వాతైతే గోడ పగలగొట్టాలి.

చక్రాల కుర్చీలో వచ్చే విద్యార్థినీ ఈ గడిలోనే పెడతారు. నిజానికి అతని చుక్క ఇంకా పైన ఉండాలి, ఎందుకంటే 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అతని వెనక ఉంది. అడుగు ఎత్తుకు కనీసం పన్నెండు అడుగుల ర్యాంపు కావాలి. వరండా రెండడుగుల ఎత్తుంటే ఇరవై నాలుగడుగులు. ఆ స్థలం ప్లానులో ముందే ఉండాలి.

పట్టిక తప్పిందని తెలుసుకోవడం తేలికే. 'విద్యార్థులు' అని ఒకే చుక్క పెట్టారంటే మళ్లీ వేయాల్సిందే. హాస్టల్‌లో ఉండేవాళ్లు వేరు, బస్సులో వచ్చేవాళ్లు వేరు. చివరి సంవత్సరం వాళ్లకు దుమ్ము మాత్రమే మిగులుతుంది, కొత్త గది దక్కదు. అందరినీ పై గడిలోకి ఎక్కించినా తప్పే, అప్పుడు ఎవరిని ముందు కలవాలో తెలియదు. ముగ్గురు విడివిడిగా చుక్కలు పెట్టి, తేడా వచ్చిన చోట కూర్చుని వాదించుకోవాలి. పని సాగేకొద్దీ చుక్కలు జరుగుతాయి కాబట్టి ప్రతి దశలోనూ మళ్లీ చూడాలి.

మీ కళాశాలలో పని మొదలవబోతుంటే, ప్లాను మీద సంతకం పడేలోపు దాన్ని ఊడ్చే మనిషికి ఒకసారి చూపించండి.