‘సూపర్ కండిషన్’ అంటే కొనేవాడికి ఏం తెలుస్తుంది?

తెనాలిలో ఉండే మా బావమరిది 2025 మే నెలలో తన స్ప్లెండర్ ప్లస్‌ని అమ్మకానికి పెట్టాడు. నాలుగు ఫోటోలు పెట్టి కింద ఇలా రాశాడు: “సింగిల్ హ్యాండ్. సూపర్ కండిషన్. పేపర్లన్నీ క్లియర్. సీరియస్ బయ్యర్లు మాత్రమే.” రెండు రోజుల్లో ఫోన్ మోగి మోగి వేడెక్కింది. సగం మంది “లాస్ట్ ఎంత?” అన్నారు, మిగతావాళ్లు “ఏ మోడల్? ఏ ఊరు?” అన్నారు. చూడ్డానికి వచ్చింది మాత్రం ఒక్కడే. ట్యాంకు కుడివైపు సొట్ట చూసి, “ఇది ఫోటోలో లేదే” అని అనుమానంగా బండి చుట్టూ ఒక తిరుగు తిరిగి వెళ్లిపోయాడు.

“బండి బాగానే ఉందిగా బావా, ఎందుకు పోవట్లేదు?” అని నాకు ఫోన్ చేశాడు. నేను ఆ నాలుగు ముక్కలూ చదివాను. కొనేవాడు అడిగే ప్రశ్నల్లో ఒక్కదానికీ అందులో జవాబు లేదు. ఆదివారం వెళ్లి, ఆర్సీ ముందు పెట్టుకుని, ఇద్దరం కూర్చుని మళ్లీ రాశాం. ఆ రాతలో తేలిన సంగతులు బండి అమ్మేవాళ్లకే కాదు, కొనేవాళ్లకూ పనికొస్తాయి.

మొదట సంవత్సరం దగ్గరే చిక్కు వచ్చింది. వాడు “2019 మోడల్” అంటాడు. ఆర్సీలో తయారీ నెల 2018 నవంబర్, రిజిస్ట్రేషన్ 2019 జనవరి. రెండు నెలల తేడాయే కదా అనిపిస్తుంది కానీ ఈ రెండు తేదీల పనులు వేరు. సొంత బండి ఆర్సీ చెల్లే 15 ఏళ్లు రిజిస్ట్రేషన్ తేదీ నుంచి లెక్క, అంటే ఇది 2034 జనవరి దాకా నడుస్తుంది. ధర కట్టేవాడు మాత్రం తయారీ తేదీనే చూస్తాడు. ఒక్క తేదీ రాసి ఊరుకుంటే, ఆర్సీ చూసినప్పుడు రెండోది బయటపడి మనం దాచినట్టవుతుంది. రెండూ రాసేస్తే గొడవే లేదు.

ఇంకో రెండేళ్లు ముందుకెళితే ఈ తేడా మరీ పెద్దది. 2020 మార్చి 31తో బీఎస్-4 బళ్ల అమ్మకం, రిజిస్ట్రేషన్ ఆగిపోయాయి, ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 మొదలైంది. కాబట్టి “2020 మోడల్” అంటే ఏదైనా కావచ్చు. స్ప్లెండర్‌నే తీసుకుంటే పాతదానికి కార్బురేటర్ ఉంటుంది, ఊళ్లో మెకానిక్ విప్పి కడిగి బిగించేస్తాడు. కొత్తదానికి ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు ఉంటాయి. కొందరు పాతదే కావాలని వెతుకుతారు, కొందరు వద్దంటారు. అందుకే 2020 బండికి బీఎస్ ఎంతో చెప్పకపోతే సంవత్సరం రాసినా రాయనట్టే.

ఊరి పేరూ రాయాల్సిందే. మావాడి బండి ఏపీ 07, అంటే గుంటూరు జిల్లాదని నంబరే చెబుతుంది. కానీ ఆంధ్రప్రదేశ్‌లో 2019 మొదట్లోనే రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే కోడ్ వచ్చింది. ఆ తర్వాతి బండి శ్రీకాకుళంలో ఉందో చిత్తూరులో ఉందో ప్లేటు చూసి చెప్పలేం.

ఇక కండిషన్. “సూపర్” అనే మాటను ఈ రాతల్లో ఎవరూ నమ్మరు, ఎందుకంటే అందరూ అదే రాస్తారు. నమ్మేది కొలతని, తేదీని, ఒప్పుకున్న లోపాన్ని. మీటర్ 46,300 కిలోమీటర్లు చూపిస్తోంది. ఆరేళ్ల నాలుగు నెలలకు పంచితే రోజుకు 20 కిలోమీటర్లు. ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి తిరిగిన బండికి అది సరిపోయే లెక్క. ఇలా లెక్క కుదిరితే “మీటర్ తిప్పారా?” అనే అనుమానం చాలావరకు పోతుంది. తెలిసిన కొనుగోలుదారు అంకెతో ఆగడు, బ్రేక్ పెడల్ రబ్బరూ ఫుట్‌రెస్ట్ రబ్బర్లూ చూస్తాడు. అవి నున్నగా అరిగిపోయి మీటర్ 15,000 చూపిస్తోందంటే రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతున్నట్టే. మధ్యలో మీటర్ కేబుల్ తెగి కొన్నాళ్లు ఆగిపోయి ఉంటే ఆ మాట కూడా రాసేయడం మంచిది.

టయర్లు “కొత్తవి” అని రాయబోయాడు. వంగి పక్కగోడ మీద చూపించాను. నాలుగంకెల అచ్చు ఉంటుంది, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. వెనక టయరు మీద 2322 అని ఉంది. అంటే 2022లో 23వ వారం, జూన్ నెల. మూడేళ్ల టయరును కొత్తదని ఎలా రాస్తాం? “వెనక టయరు 2022 తయారీ, సగం పట్టు ఉంది” అని రాశాం.

“ఇంజను సీల్ విప్పలేదు” అన్నది మనవాళ్లకు బాగా ఇష్టమైన మాట. నిజమైతే రాయొచ్చు. అయితే దానికంటే ఉపయోగపడేది, చల్లారిన ఇంజనును ఎదురుగా స్టార్ట్ చేసి చూపిస్తానని రాయడం. వేడి మీదున్న ఇంజను చాలా లోపాలు దాచేస్తుంది. అందుకే కొనడానికి వెళ్లేవాడు ముందుగా ఇంజను మీద చెయ్యి పెట్టి చూస్తాడు, వెచ్చగా ఉంటే “ముందే తిప్పి ఉంచారన్నమాట” అనుకుంటాడు. చల్లటి ఇంజను స్టార్ట్ చేసి కాస్త రేజ్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజనాయిల్ కాలుతున్నట్టు. పిస్టన్ రింగులో, వాల్వు సీళ్లో పనికొచ్చాయి, అది పెద్ద ఖర్చు. నల్ల పొగైతే పెట్రోలు ఎక్కువ పోతోందని, కార్బురేటర్ సర్దుబాటుతోనో ఎయిర్ ఫిల్టర్ మార్చడంతోనో పోవచ్చు.

మావాడి బండికి పొగ లేదు. లోపాలు రెండున్నాయి. ఒకటి ఆ సొట్ట. రెండోది, ముందు ఫోర్కు ఎడమ రాడ్డు మీద నూనె తడి, ఆయిల్ సీలు పోయింది. సొట్టకు దగ్గరగా ఫోటో తీసి మొదటి వరుసలోనే పెట్టమన్నాను. “అది చూపిస్తే ఎవడొస్తాడు బావా?” అన్నాడు. అది చూసి కూడా వచ్చేవాడే కొనేవాడు, మిగతావాళ్లు వచ్చినా తిరిగిపోయేవాళ్లే. ఆయిల్ సీలు సంగతి కూడా రాయించాను. బేరంలో ఆ ఖర్చు తగ్గించమని అడుగుతారు, తగ్గిద్దాం.

కాగితాల దగ్గర అసలు బండారం బయటపడింది. “ఇన్సూరెన్స్ ఐదేళ్లకు కట్టేశాను” అని మావాడి ధీమా. 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా తప్పనిసరైంది, వాడి బండికీ అలాగే వచ్చింది. కానీ ఆ ఐదేళ్లు 2024 జనవరిలోనే అయిపోయాయి. ఏడాదికి పైగా బీమా లేకుండానే తిరుగుతున్నాడు. ఆ రోజే రెన్యూవల్ చేయించాం. అది లేకుండా కొనేవాడికి తొక్కి చూడమని ఇచ్చి, వాడు ఎవరినైనా గుద్దితే నష్టపరిహారం మావాడి మెడకు చుట్టుకునేది.

ఆర్సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు ఇంకా ఉంది. అప్పు తీరి మూడేళ్లయింది. అప్పు తీరినంత మాత్రాన ఆ పేరు దానంతటదే పోదు, కంపెనీ నుంచి ఎన్‌ఓసీ, ఫారం 35 తెచ్చి రవాణా శాఖలో తీయించాలి. అది కాకుండా బదిలీ కుదరదు. కాబట్టి “పేపర్లు క్లియర్” అన్న మాట అబద్ధమే, వాడికి తెలియకుండా ఆడిన అబద్ధం. పేరు తీయించేదాకా అమ్మకం ఆపాం. పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో నంబరు కొట్టి చూస్తే హెల్మెట్ లేని చలాన్లు రెండున్నాయి, అవీ కట్టించాను.

బదిలీకి అమ్మేవాడు సంతకం చేసేది ఫారం 29, ఇద్దరూ కలిసి నింపేది ఫారం 30. బండి వేరే రాష్ట్రానికి వెళ్లేట్టయితే ఫారం 28తో ఎన్‌ఓసీ కావాలి. మన దగ్గర తేదీ లేని ఖాళీ ఫారం మీద సంతకం పెట్టి బండి ఇచ్చేసే అలవాటుంది. దాన్ని మించిన ప్రమాదం లేదు. మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మితే 14 రోజుల్లో అమ్మినవాడే రవాణా అధికారికి తెలియజేయాలి. తెలియజేయకపోతే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018లో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చింది. ఒక కారు 2007లో మొదటి యజమాని చేతి నుంచి పోయి, ఆ తర్వాత మరికొన్ని చేతులు మారింది. 2009లో ప్రమాదం జరిగేనాటికి రిజిస్టర్‌లో ఇంకా మొదటాయన పేరే ఉంది. చట్టం దృష్టిలో యజమాని ఆయనేనని, పరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు చెప్పింది.

చివరికి బండి చూపించే పద్ధతి. “ఎప్పుడైనా రండి” అంటే ఎవరూ రారు, రాత్రి తొమ్మిదింటికి వస్తే చీకట్లో రంగు కూడా కనపడదు. పగటి వేళ, రెండు రోజులు, ఫలానా సమయం అని రాయాలి. ఇంటి చిరునామా అక్కర్లేదు, అందరికీ తెలిసిన చోటు చాలు. తొక్కి చూస్తానంటే లైసెన్స్ చూసి ఫోటో తీసుకుని, వెనక మనమూ ఎక్కాలి. తాళం ఇచ్చి గట్టు మీద నిలబడితే బండి తిరిగి రాకపోవచ్చు. ఫోటోల్లో నంబరు ప్లేటు కప్పి, మాట్లాడి వచ్చేవాడికి మాత్రమే నంబరు చెబితే సరిపోతుంది. చూడకుండానే కొంటానని, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనేవాడితో మాట పెంచొద్దు. మనకు డబ్బు రావడానికి మనం పిన్ కొట్టాల్సిన పనే ఉండదు.

మూడు వారాల తర్వాత, కాగితాల పని అయ్యాక, పెట్టిన రాత ఇది:

“స్ప్లెండర్ ప్లస్, బీఎస్-4. తయారీ 2018 నవంబర్, రిజిస్ట్రేషన్ 2019 జనవరి, ఏపీ 07, మొదటి ఓనర్. 46,300 కి.మీ. ఇంజను విప్పలేదు, పొగ లేదు, సెల్ఫ్, కిక్కు రెండూ పనిచేస్తాయి. వెనక టయరు 2022 తయారీ, సగం పట్టు. లోపాలు: ట్యాంకు కుడివైపు సొట్ట (ఫోటో ఉంది), ముందు ఫోర్కు ఎడమ ఆయిల్ సీలు మార్చాలి. ఆర్సీ 2034 జనవరి వరకు, ఫైనాన్స్ లేదు, బీమా 2026 మే వరకు, పొల్యూషన్ ఉంది, చలాన్లు లేవు. పేరు మార్పిడి అయ్యేదాకా ఇద్దరం కలిసి తిరుగుదాం. రూ. 38,000, చూశాక కొద్దిగా తగ్గింపు. తెనాలి బస్టాండ్ దగ్గర, శని, ఆదివారాల్లో ఉదయం 8 నుంచి 11 వరకు. ముందు రోజు ఫోన్ చేయండి, చల్లటి ఇంజను మీ ముందే స్టార్ట్ చేస్తాను. లైసెన్స్ తెచ్చుకోండి.”

ఈసారి ఫోన్లు తొమ్మిదే వచ్చాయి. ముగ్గురు వచ్చి చూశారు, రెండోవాడు 36,500కు తీసుకున్నాడు. బండి ఇచ్చిన తేదీ, గంట, నిమిషం రాసి అతని చేత సంతకం పెట్టించుకున్న కాగితం మావాడి బీరువాలో ఉంది. నెలాఖరుకు ఆన్‌లైన్‌లో చూస్తే ఆర్సీ మీద కొత్త పేరు కనిపించింది, అప్పుడే ఆ పోస్టు తీసేశాడు.