ఫారం 16లో ఉన్న పన్ను 26ఏఎస్‌లో ఉందా?

జంషెడ్‌పూర్, దాని పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో పనిచేసే తెలుగువారిలో చాలామందికి యాజమాన్యం ఇచ్చే ఫారం 16 సుపరిచితమే. జీతం నుంచి పన్ను కోసినట్లు ధ్రువీకరించే పత్రమిది. అయితే రిటర్నును పరిశీలించేటప్పుడు ఆదాయపు పన్ను శాఖ ముందుగా చూసేది తన వద్ద ఉన్న ఖాతానే. ఉద్యోగికి ఆ ఖాతాను చూపే వార్షిక పన్ను వివరణ పత్రమే ఫారం 26ఏఎస్. ఈ రెండింటినీ సరిచూసుకున్నాకే రిటర్ను దాఖలు చేయడం మేలు.

ఫారం 16లో రెండు భాగాలుంటాయి. ‘బి’ భాగంలో జీతం, మినహాయింపుల లెక్క ఉంటుంది. సరిచూడవలసింది ‘ఏ’ భాగం. ఉద్యోగి పాన్, యాజమాన్యపు టాన్, మూడేసి నెలలకు కోసిన పన్ను, ప్రభుత్వానికి జమ చేసిన పన్ను అందులో కనిపిస్తాయి. ఈ భాగాన్ని యాజమాన్యం ట్రేసెస్ వెబ్‌సైట్ నుంచే డౌన్‌లోడ్ చేసి ఇవ్వాలి. 26ఏఎస్‌కు కూడా ఆధారం అక్కడి సమాచారమే. కనుక కార్యాలయంలో సొంతంగా ముద్రించి ఇచ్చిన కాగితమైతే మరింత జాగ్రత్త అవసరం.

26ఏఎస్ కోసం incometax.gov.in లో లాగిన్ అయి, e-File, Income Tax Returns, View Form 26AS వరుసలో వెళ్లాలి. 2024-25 ఆర్థిక సంవత్సరపు కోతలకు 2025-26 మదింపు సంవత్సరాన్ని ఎంచుకోవాలి. జీతపు కోతలు 192 సెక్షన్ కింద ఉంటాయి. నమోదు పక్కన ‘F’ ఉంటే జమ సరిపోలినట్లు. ‘U’ ఉంటే చలానా వివరాలు సరిపోలలేదన్నమాట.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక ఉద్యోగి జీతం నుంచి ప్రతి మూడు నెలలకు రూ.12,000 చొప్పున ఏడాదికి రూ.48,000 కోశారు. 26ఏఎస్‌లో మాత్రం రూ.36,000 మాత్రమే ఉంది. జనవరి-మార్చి నమోదు లేదు. ఆ త్రైమాసిక వివరాల దాఖలుకు యాజమాన్యానికి మే 31 వరకు, ఫారం 16 జారీకి జూన్ 15 వరకు గడువు ఉంటుంది. అంతకుముందు లోటు కనిపిస్తే కొంత వేచి చూడవచ్చు. తర్వాత కూడా నమోదు కాకపోతే ఆ త్రైమాసికపు చలానా వివరాలను అకౌంట్స్ విభాగాన్ని అడగాలి. పన్ను జమైనా, 24క్యూ పత్రంలో ఉద్యోగి పాన్‌లో ఒక్క అక్షరం తప్పు పడితే ఆ సొమ్ము అతని ఖాతాకు చేరదు. దీన్ని యాజమాన్యమే సవరణ పత్రం దాఖలు చేసి సరిదిద్దాలి. ఉద్యోగి తనంతట తాను మార్చలేడు.

సవరణకు ముందే రూ.48,000 చూపి రిటర్ను వేస్తే, తేడా రూ.12,000 చెల్లించాలని నోటీసు రావచ్చు. యాజమాన్యం పన్ను కోసి జమ చేయకపోతే, ఆ మేరకు ఉద్యోగిని చెల్లించమనరాదని 1961 ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ చెబుతోంది. అయితే కోత నిజంగా జరిగిందని రుజువు చూపాలి. అందుకే నెలవారీ జీతపు రసీదులను, జీతం జమైన బ్యాంకు ఖాతా వివరాలను భద్రపరచుకోవాలి.