నెలలు నిండాయి, బిడ్డ లేదు

1555 ఏప్రిల్ నెలాఖరున లండన్‌లో చర్చి గంటలు ఆగకుండా మోగాయి. మేరీ రాణికి కొడుకు పుట్టాడన్న కబురు ఊరంతా పాకింది. దుకాణాలు మూసేసి, వీధుల్లో మంటలు వేసి జనం పండుగ చేసుకున్నారు. అంతలోనే అది ఉత్త పుకారని తేలింది. రాణి ఇంకా హాంప్టన్ కోర్ట్ రాజభవనంలో పురిటిగదిలోనే ఉంది. ఊయల సిద్ధంగా ఉంది. విదేశీ రాజులకు పంపాల్సిన శుభలేఖలు కూడా రాసి పెట్టారు. ఆడో మగో, ఏ తేదీనో రాయాల్సిన చోట మాత్రం ఖాళీలు వదిలారు.

ఆ ఖాళీలు ఎప్పటికీ నిండలేదు.

మేరీకి 38 ఏళ్ల వయసులో, 1554 జూలైలో స్పెయిన్ యువరాజు ఫిలిప్‌తో పెళ్లయింది. రెండు నెలలు తిరక్కుండానే నెల తప్పింది. పొద్దున పూట వికారం మొదలైంది, ఒళ్లు చేసింది, రొమ్ములు బరువెక్కాయి. నవంబరులో కడుపులో బిడ్డ కదిలిందని ఆమే చెప్పింది. రాజవైద్యులు పరీక్షించి గర్భమేనన్నారు. మే నెల తొలి వారాల్లో పురుడు అన్నారు. ఆ గడువు దాటాక లెక్క తప్పిందని చెప్పి జూన్‌కు జరిపారు. జూన్ కూడా గడిచింది. రాణి నేల మీద దిండ్లు వేసుకుని మోకాళ్లు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూర్చుంటోందని రాయబారులు తమ దేశాలకు జాబులు రాశారు. నిండు గర్భిణి అలా కూర్చోగలదా అన్న అనుమానం ఆ మాట వెనుక ఉంది. జూలైకి పొట్ట మెల్లగా తగ్గిపోయింది. ఆగస్టు మొదట్లో రాణి ఎలాంటి ప్రకటనా లేకుండా వేరే భవనానికి మారిపోయింది. మూడేళ్ల తర్వాత ఇంకోసారి ఇలాగే నమ్మింది. అప్పుడూ బిడ్డ లేదు.

ఇది రాణి ఆడిన నాటకం కాదు. దీన్ని వైద్యులు సూడోసయసిస్ అంటారు. మనం ఉత్తుత్తి గర్భం అనుకోవచ్చు. గర్భం లేదని తెలిసీ ఉన్నట్టు నటించడం దీనికి పూర్తిగా వేరు. కొన్ని తీవ్రమైన మానసిక జబ్బుల్లో ఒంట్లో ఏ మార్పూ లేకుండానే గర్భిణినని నమ్మడమూ వేరు. ఉత్తుత్తి గర్భంలో నెలసరి నిజంగానే ఆగుతుంది, పొట్ట నిజంగానే పెరుగుతుంది, కొందరికి పాలు కూడా వస్తాయి. లేనిదల్లా బిడ్డ ఒక్కటే.

లోపల గర్భం లేనప్పుడు ఒళ్లు ఇలా ఎందుకు మారుతుంది? దీనికి సగం జవాబు మెదడు అడుగున ఉంది. అక్కడ శనగగింజంత పిట్యూటరీ గ్రంథి ఉంటుంది. నెలసరిని నడిపే అండాశయాలకు ఆదేశాలు వెళ్లేది దాని నుంచే. దాని పైన కూర్చున్న హైపోథాలమస్ మన దిగులుకు, భయానికి, ఆశకు కూడా స్పందిస్తుంది. పిట్యూటరీ విడుదల చేసే ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను డోపమిన్ అనే రసాయనం ఎప్పుడూ అదుపులో పెడుతూ ఉంటుంది. తీవ్రమైన ఒత్తిడిలో ఆ పట్టు సడలితే ప్రొలాక్టిన్ పెరుగుతుంది. బిడ్డకు పాలిచ్చే తల్లులకు కొన్నాళ్లు నెలసరి రాకపోవడం మన ఇళ్లలో అందరికీ తెలిసిందే. ఆ పని చేసేది ముఖ్యంగా ఈ హార్మోనే. అది బిడ్డ లేకుండానే పెరిగితే అండం విడుదల ఆగుతుంది, నెల తప్పుతుంది, రొమ్ములు సలుపుతాయి, పాలు చెమ్మగిల్లుతాయి. అయితే ఇలాంటి స్త్రీలందరిలోనూ ఈ హార్మోన్ ఎక్కువగా కనిపించదు, కాబట్టి ఇదే మొత్తం కథ కాదు.

పొట్ట సంగతి ఇంకా ఆశ్చర్యంగా ఉంటుంది. పేగుల్లో గాలి, మలబద్ధకం, కొత్తగా చేరిన కొవ్వు కొంత కారణం. మిగతాది కండరాల పని. నడుము తెలియకుండానే ముందుకు వంగుతుంది, ఛాతీ కింది పొర బిగుసుకుని పేగుల్ని కిందికి నెడుతుంది, పొట్ట ముందుకు పొడుచుకొస్తుంది. 19వ శతాబ్దంలో ఎడిన్‌బరో వైద్యుడు జేమ్స్ యంగ్ సింప్సన్ ఇలాంటి స్త్రీలకు క్లోరోఫాం మత్తు ఇస్తే పొట్ట చదునైపోవడం, మెలకువ రాగానే మళ్లీ పైకి లేవడం గమనించాడు. ఆమె కావాలని బిగబట్టింది కాదు. భయంతో భుజాలు బిగుసుకున్నట్టే ఇదీ. ఇక కదలికలంటారా, పేగుల్లో జరిగే మామూలు కదలికే అది. రోజూ ఎవరూ పట్టించుకోని ఆ కదలిక, బిడ్డ కోసం చెవి ఒగ్గి ఉన్న తల్లికి తన్నులా తెలుస్తుంది.

ఆ తర్వాత ఒకదాన్ని ఒకటి పెంచుకుంటూ పోతాయి. నెల తప్పడంతో ఆశ పుడుతుంది. ఆశతో కదలిక తెలుస్తుంది. కదలిక తెలిశాక నమ్మకం గట్టిపడి, ఒళ్లు ఇంకా మారుతుంది. చుట్టూ ఉన్నవాళ్ల సంబరం దాన్ని మరింత పెంచుతుంది. మేరీకి వారసుడు కావాలి, లేకపోతే రాజ్యం చెల్లెలి చేతిలోకి పోతుంది. మన దగ్గర రాజ్యాలు అక్కర్లేదు. పెళ్లయిన మూడో నెల నుంచీ ప్రతి పెళ్లిలో, ప్రతి పేరంటంలో ‘‘ఏమ్మా, ఏమైనా విశేషమా?’’ అని అడిగే నోళ్లు చాలు. ఏళ్ల తరబడి పిల్లల కోసం ఎదురుచూసినవాళ్లలో, గర్భస్రావమో బిడ్డ పోవడమో చూసినవాళ్లలో, నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడినవాళ్లలో ఇది ఎక్కువగా కనిపించడానికి కారణం అదే.

ఎంత బలంగా నమ్మినా ఒళ్లు తయారు చేయలేనివి కొన్ని ఉన్నాయి. హెచ్‌సీజీ అనే హార్మోన్ మాయ కణాల నుంచి వస్తుంది. మాయ లేకపోతే ఉత్తుత్తి గర్భంలో అది రాదు, మూత్రంతో చేసే కార్డు పరీక్షలో రెండో గీత పడదు. మరీ తొలి రోజుల్లో నిజమైన గర్భం ఉన్నా గీత పడకపోవచ్చు కాబట్టి వారం ఆగి మళ్లీ చూడాలి. గర్భసంచీ నెలనెలకూ పెరగదు. నిండు నెలల్లో చదునై ఉబికి రావాల్సిన బొడ్డు చాలామందిలో లోపలికే ఉంటుంది. అయిదో నెల అంటున్న స్త్రీకి పొట్ట మీద స్కాన్ చేస్తే కొద్ది నిమిషాల్లోనే విషయం తేలిపోతుంది. ఖాళీ గర్భసంచీ, గుండె చప్పుడు లేని తెర. మేరీ వైద్యులకు ఇవేవీ లేవు. తొలి నెలల్లోనే స్కాన్ చేయించుకునే చోట ఇప్పుడు ఇది చాలా అరుదు. డాక్టరు దగ్గరికి ఆలస్యంగా వెళ్లేచోట ఇంకా కనిపిస్తుంది.

పరీక్షలో ఏమీ లేదని తేలినంత మాత్రాన పని అయిపోదు. ఆగిన నెలసరికి, పెరిగిన పొట్టకు అసలు కారణం వెతకాలి. థైరాయిడ్ లోపం, పీసీఓడీ, అండాశయంలో తిత్తులు, పిట్యూటరీలో గడ్డ, కడుపులో నీరు, వీటిలో ఏదైనా ఉండొచ్చు. కొన్ని మానసిక వ్యాధుల మందులు, వాంతులకు వాడే డోంపెరిడాన్ కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి. మేరీకి కూడా ఇలాంటి జబ్బేదో ఉండొచ్చని తర్వాతి వైద్యులు కొందరు ఊహించారు. అమ్మాయిగా ఉన్నప్పటి నుంచే ఆమెకు నెలసరి సరిగా వచ్చేది కాదు.

నిజం చెప్పే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ‘‘నీకేమీ లేదు, అంతా నీ భ్రమ’’ అన్న మాట ఆమెకు అబద్ధమే, ఎందుకంటే ఆమె ఒంట్లో మార్పులు నిజం. వాటికి కారణం చెప్పి, తెర మీద చూపించి, ఆమె చేత అడిగించుకుని జవాబులిచ్చే డాక్టరు కావాలి. చాలామందికి ఆ తర్వాత కొద్ది రోజుల్లో, వారాల్లో లక్షణాలు తగ్గి నెలసరి తిరిగి వస్తుంది. కొందరు నమ్మలేక మరో ఆసుపత్రికి వెళ్తారు. కొందరికి మళ్లీ వస్తుంది. నమ్మిన ఆమెకు అది బిడ్డను పోగొట్టుకున్న దుఃఖమే. దానికి మానసిక వైద్యుల సాయం అవసరం.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే, దయచేసి అబద్ధం ఆడిందనకండి, ఆ సంగతి నలుగురిలో నవ్వులాటగా చెప్పుకోకండి. ఆమెను స్కాన్ గదిలోకి ఒంటరిగా పంపకండి. భర్త పక్కన ఉండాలి.