ఆట ఆగకుండా ప్రసారం నడిపే హాట్‌కీలు

ఆట ఆడుతూ లైవ్ ఇచ్చేవాళ్లు విరివిగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ఓబీఎస్ స్టూడియో. సీన్ మార్చడం, రికార్డింగ్ మొదలుపెట్టడం, మైక్ ఆపడం అన్నీ అందులో మౌస్‌తో చేయొచ్చు. అయితే ప్రతిసారీ ఆట వదిలి ఆ కిటికీలోకి వెళ్లాలి. ఆలోగా ఆటలో ప్రాణం పోవచ్చు. హాట్‌కీ ఉంటే ఆ అవసరం రాదు. ఆట తెర మీద ఉండగానే నొక్కిన మీటను వెనకనున్న ఓబీఎస్ పసిగట్టి పని చేసేస్తుంది.

ఈ మీటలు ముందే పెట్టి ఉండవు. `Settings`లో `Hotkeys` పేజీ తెరిస్తే ప్రతి సీనుకూ, ప్రతి మైకుకూ విడివిడిగా ఖాళీ గడులు కనిపిస్తాయి. గడిలో క్లిక్ చేసి కావలసిన మీట నొక్కితే చాలు. ఆరంభం, ఆట, విరామం అనే మూడు సీన్లున్నాయనుకుందాం. వాటికి కీబోర్డు కుడివైపు అంకెల్లో 1, 2, 3. మైకుకు 0 ఇవ్వొచ్చు. `Mute`, `Unmute` గడులు రెండింటికీ అదే 0 ఇస్తే ఒకసారి నొక్కితే మైక్ ఆగుతుంది, మళ్లీ నొక్కితే మాట వెళ్తుంది. రికార్డింగ్‌కు మాత్రం మొదలుకు ఒకటి, ముగింపుకు ఒకటి వేర్వేరు మీటలుంటేనే మేలు. ఒకే మీటైతే, నడుస్తున్న రికార్డింగును మొదలుపెడుతున్నామనుకుని ఆపేసే ప్రమాదముంది.

మీట ఎంపికలో అసలు చిక్కేమిటంటే, అదే నొక్కు ఆటకూ చేరుతుంది. స్టీమ్‌లో F12 అంటే స్క్రీన్‌షాట్; దాన్నే రికార్డింగ్‌కు పెడితే ప్రతిసారీ ఒక ఫొటో కూడా పడుతుంది. చాలా షూటింగ్ ఆటల్లో Ctrl నొక్కితే పాత్ర కిందికి వంగుతుంది కాబట్టి Ctrl కలిపిన జోడీలూ అంత క్షేమం కాదు. అంకెల మీటలకు ఆ బెడద తక్కువ. Num Lock వెలిగే ఉండాలి, లేకపోతే 1 కాస్తా End అయిపోయి సీన్ మారదు.

ఓబీఎస్ ముందుండగా పనిచేసిన మీట ఆటలోకి వెళ్లగానే మూగబోతే, విండోస్‌లో ముందుగా అనుమానించాల్సింది అనుమతుల్ని. ఆటను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఓబీఎస్‌ను మామూలుగా తెరిస్తే ఆ మీటలు ఓబీఎస్‌కు అందవు. దాన్నీ అడ్మినిస్ట్రేటర్‌గానే తెరవాలి. అప్పటికీ పలకకపోతే `Settings`లోని `Advanced`లో `Never disable hotkeys` ఎంచి ఉందో లేదో చూడాలి.

మ్యూట్ నొక్కినా మాట వెళ్తుంటే కారణం వేరు. ఒకే మైకును ఓబీఎస్‌లో రెండుచోట్ల చేర్చి ఉంటారు; మీట ఒకదాన్నే ఆపుతుంది. మాట్లాడుతూ మిక్సర్ చూస్తే ఆకుపచ్చ పట్టీ ఇంకా ఎక్కడ ఎగురుతోందో తెలిసిపోతుంది. ఇంకో సంగతి: ఈ మ్యూట్ ప్రసారానికీ రికార్డింగుకూ మాత్రమే. డిస్కార్డ్‌లో ఉన్న స్నేహితులకు మాట వినిపిస్తూనే ఉంటుంది. అక్కడా ఆపాలంటే డిస్కార్డ్‌లో విడిగా మీట పెట్టుకోవాలి.