ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్: ఏ కొలతతో పంచాలి?

ఫ్యాక్టరీలో తయారయ్యే ప్రతి వస్తువు మీదా రెండు రకాల ఖర్చు పడుతుంది. ఈ షాఫ్టుకు ఇంత ఉక్కు పట్టింది, దాని మీద పనిచేసిన మనిషికి ఇంత కూలి అయింది అని జాబ్ కార్డు చూసి చెప్పగలిగేది మొదటి రకం. ముడిసరుకు, నేరుగా ఆ పనికే ఇచ్చిన కూలి, ఆ పని కోసమే పెట్టిన ఇతర ఖర్చులు కలిపితే ప్రైమ్ కాస్ట్ అవుతుంది. రెండో రకం ఏ ఒక్క వస్తువుకూ చెందదు. షెడ్డు అద్దె, మెషీన్ల తరుగుదల, సూపర్‌వైజర్ జీతం, కరెంటు బిల్లు, మెయింటెనెన్స్, ఇన్సూరెన్స్ వంటివన్నీ ఈ కోవలోవి. వీటిని ఓవర్‌హెడ్ అంటారు. ఇదీ వస్తువు ధరలోంచే రాబట్టుకోవాలి కాబట్టి, ఏదో ఒక కొలత పట్టుకుని అన్ని పనుల మీదా పంచాలి. వాడుకలో ఉన్న కొలతల్లో ముఖ్యమైనవి మూడు: ప్రైమ్ కాస్ట్‌లో ఇంత శాతం, లేబర్ గంటకు ఇంత, మెషీన్ గంటకు ఇంత.

ఏ కొలతతో పంచినా నెల మొత్తం ఖర్చు మారదు. మారేది ఏ పని నెత్తిన ఎంత పడుతుందన్నదే. కొటేషన్ ఇచ్చేటప్పుడు మాత్రం ఆ తేడాయే ధరగా బయటికొస్తుంది.

విజయవాడ ఆటోనగర్‌లోనో హైదరాబాద్ బాలానగర్‌లోనో ఉండే మధ్యరకం ఇంజినీరింగ్ వర్క్‌షాపు ఒకటి ఊహించుకుంటే లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. అందులో నాలుగు సీఎన్‌సీ మెషీన్లు, పక్కనే చేతిపనితో నడిచే ఫిట్టింగ్ సెక్షన్ ఉన్నాయి. నెలకు ముడిసరుకు 12,00,000 రూపాయలు. కూలి గంటకు 100 చొప్పున 3,000 గంటలకు 3,00,000. అంటే ప్రైమ్ కాస్ట్ 15,00,000. ఓవర్‌హెడ్ 6,00,000. మెషీన్లన్నీ కలిపి నెలకు 1,500 గంటలు పనిచేస్తాయి. ఈ లెక్కన ఓవర్‌హెడ్ ప్రైమ్ కాస్ట్‌లో 40 శాతం, లేదా లేబర్ గంటకు 200 రూపాయలు, లేదా మెషీన్ గంటకు 400 రూపాయలు అవుతుంది.

ఇప్పుడు మూడు ఆర్డర్లు వచ్చాయనుకుందాం. మొదటిది గన్‌మెటల్ బుష్‌లు: సరుకు 40,000 రూపాయలు, మనిషి పని 10 గంటలు, మెషీన్ 5 గంటలు. రెండోది మామూలు ఉక్కు షాఫ్టులు: సరుకు 8,000, మనిషి పని 20 గంటలు, మెషీన్ 40 గంటలు. ఒకే ఆపరేటర్ రెండు మెషీన్లు చూసుకుంటాడు కాబట్టి ఇక్కడ మనిషి గంటలు మెషీన్ గంటల్లో సగమే. మూడోది గేర్‌బాక్సుల బిగింపు: సరుకు 10,000, మనిషి పని 50 గంటలు, మెషీన్ 2 గంటలు.

ప్రైమ్ కాస్ట్ శాతంతో పంచితే బుష్‌ల మీద 16,400 రూపాయల ఓవర్‌హెడ్ పడుతుంది, షాఫ్టుల మీద 4,000 మాత్రమే. ఇందులో తిరకాసు తెలియాలంటే వర్క్‌షాపులోకి తొంగిచూస్తే చాలు. బుష్‌లు మెషీన్ మీద ఒక పూట కూడా ఉండవు, షాఫ్టులు రోజుల తరబడి ఉంటాయి. షెడ్డునీ కరెంటునీ సూపర్‌వైజర్ సమయాన్నీ ఎక్కువగా వాడుకున్నవి షాఫ్టులైతే, భారం బుష్‌ల మీద పడింది. కారణం ఒక్కటే, గన్‌మెటల్ ఖరీదైన లోహం. ఆ లోహం ధర పెరిగి సరుకు 40,000 నుంచి 50,000కు చేరిందనుకుంటే, పనిలో ఒక్క నిమిషం మార్పు లేకుండానే ఓవర్‌హెడ్ ఇంకో 4,000 పెరుగుతుంది. అద్దె పెరగలేదు, మెషీన్ అదనంగా తిరగలేదు. అయినా లెక్కలో ఖర్చు పెరిగింది.

ఓవర్‌హెడ్‌లో పెద్ద పద్దులు చాలావరకు కాలంతో నడిచేవే. అద్దె నెలకు, జీతం నెలకు, తరుగుదల ఏడాదికి. సరుకు విలువతో వాటికి చుట్టరికం లేదు. అయినా ప్రైమ్ కాస్ట్ శాతం ఇప్పటికీ చాలాచోట్ల నడుస్తోందంటే, అందుకు కావలసిన రెండు అంకెలూ ఖాతా పుస్తకంలో సిద్ధంగా ఉండటమే కారణం. గంటలు రాసుకునే బెడద ఉండదు. ఒకే లోహంతో, దాదాపు ఒకే పనితో, ఒకే రకం వస్తువు చేసే ఫ్యాక్టరీలో దీనివల్ల పెద్దగా నష్టం కూడా ఉండదు. సరుకు విలువతో నిజంగా ముడిపడిన ఖర్చు స్టోర్సులో కొంత ఉంటే, ఉదాహరణకు నిల్వ సరుకు ఇన్సూరెన్స్, దాన్ని విడదీసి సరుకు మీద శాతంగా వేసుకోవచ్చు. అంతకుమించి ఈ పద్ధతిని సమర్థించడం కష్టం.

తప్పు కొలత చేసే చేటు వెంటనే బయటపడదు. పై వర్క్‌షాపు ఖర్చు మీద 15 శాతం లాభం వేసి కొటేషన్లు ఇస్తుందనుకుందాం. ప్రైమ్ కాస్ట్ లెక్క ప్రకారం బుష్‌ల ధర 66,010 రూపాయలు, షాఫ్టుల ధర 16,100. బుష్‌ల ఆర్డరు పక్క వర్క్‌షాపుకు వెళ్లిపోతుంది, షాఫ్టుల ఆర్డర్లు మాత్రం వరసగా వచ్చి పడతాయి. 37 బ్యాచ్‌ల షాఫ్టులు తీసుకుంటే 1,480 గంటలతో మెషీన్లు నిండిపోతాయి. వాటి ద్వారా రాబట్టిన ఓవర్‌హెడ్ 1,48,000, లెక్కలో చూపిన లాభం 77,700. రెండూ కలిపినా 2,25,700 దాటదు. మెషీన్ల వైపు ఖర్చే నెలకు 4,80,000 ఉంటే, రెండు షిఫ్టులూ ఊపిరాడనంత పని చేసి కూడా నెలాఖరుకు సగానికి పైగా లోటు తేలుతుంది. మెషీన్లు నిండుగా ఉండి, ఖర్చులు బడ్జెట్‌లోనే ఉండి, ఓవర్‌హెడ్ మాత్రం రాబట్టుకోలేకపోతున్నారంటే ముందు అనుమానించాల్సింది కొలతనే.

లేబర్ గంట ఇంతకంటే మెరుగైన కొలత, ఎందుకంటే అది కాలాన్ని కొలుస్తుంది. కూలి మొత్తంలో శాతంగా పంచడం కన్నా కూడా ఇదే నయం. చేయి తిరిగిన ఫిట్టర్‌కు కూలి ఎక్కువ, కొత్త కుర్రాడికి తక్కువ. ఒకే గంట పనికి షెడ్డు ఇద్దరికీ ఒకేలా ఖర్చవుతుంది. కుట్టుపని, బిగింపు, చేత్తో చేసే ఫినిషింగ్ వంటి చోట్ల మనిషి గంటను మించిన కొలత లేదు. చిక్కల్లా మనిషి గంట, మెషీన్ గంట విడిపోయిన చోట వస్తుంది. షాఫ్టుల ఆర్డరులో అదే జరిగింది: మెషీన్ 40 గంటలు తిరిగినా లెక్కకు 20 గంటలే అందాయి, 4,000 రూపాయలే పడింది. గేర్‌బాక్సుల మీద 10,000 పడింది, అవి సీఎన్‌సీని ముట్టుకున్నది రెండు గంటలే అయినా. ఆటోమేషన్ పెరిగినకొద్దీ ఈ వంకర ఇంకా పెరుగుతుంది. మనుషులు తగ్గుతారు, తరుగుదల పెరుగుతుంది. కొద్దిపాటి గంటల మీద కొండంత ఓవర్‌హెడ్ కూర్చుంటుంది. అప్పుడు జాబ్ కార్డులో అరగంట తప్పు రాసినా ధర తారుమారవుతుంది.

ఈ సంగతి గుర్తించి వందేళ్లు దాటింది. ఇంగ్లండ్‌కు చెందిన ఇంజినీర్ అలెగ్జాండర్ హామిల్టన్ చర్చ్ 1901లో ‘ఇంజినీరింగ్ మ్యాగజైన్’లో రాసిన వ్యాసాల్లో, ఫ్యాక్టరీని చిన్న చిన్న ఉత్పత్తి కేంద్రాలుగా భావించాలనీ, ఒక్కొక్క మెషీన్ తనకు కావలసిన చోటు, విద్యుత్తు, తరుగుదలకు అద్దె కడుతున్నట్టు లెక్కగట్టాలనీ వాదించాడు. మెషీన్ గంట రేటు వెనక ఉన్న ఆలోచన అదే.

అలాగని ఫ్యాక్టరీ మొత్తానికి ఒకే మెషీన్ గంట రేటు పెట్టడం కూడా పొరపాటే. 400 చొప్పున వేస్తే షాఫ్టుల మీద 16,000 పడుతుంది, గేర్‌బాక్సుల మీద 800. యాభై గంటలు ఫిట్టింగ్ సెక్షన్‌లో చోటు ఆక్రమించిన పనికి 800 న్యాయం కాదు. కాబట్టి మూడింటిలో ఏది మంచిదని అడిగే ముందు, ఏ సెక్షన్‌కు ఏది అని అడగాలి. 6,00,000 ఓవర్‌హెడ్‌ను ముందు సెక్షన్లవారీగా విడదీస్తారు: అద్దె చదరపు అడుగుల్ని బట్టి, కరెంటు మీటరును బట్టి, తరుగుదల మెషీన్ల విలువను బట్టి. అలా మెషీన్ సెక్షన్‌కు 4,80,000, ఫిట్టింగ్‌కు 1,20,000 తేలిందనుకుందాం. 1,500 మెషీన్ గంటలకు మొదటిది గంటకు 320 రూపాయలు, ఫిట్టింగ్‌లోని 2,000 మనిషి గంటలకు రెండోది గంటకు 60 రూపాయలు.

షాఫ్టుల పని మొత్తం మెషీన్ దగ్గరే, కాబట్టి ఓవర్‌హెడ్ 12,800. గేర్‌బాక్సులకు రెండు మెషీన్ గంటలు, 48 ఫిట్టింగ్ గంటలు కలిపి 3,520. బుష్‌లకు ఐదు మెషీన్ గంటలు, ఆరు గంటల చేతి ఫినిషింగ్ కలిపి 1,960. షాఫ్టుల అసలు ఖర్చు 22,800 అని ఇప్పుడు తెలుస్తుంది. ఇన్నాళ్లూ అమ్మింది 16,100కి. బుష్‌ల ఖర్చు 42,960, పదిహేను శాతం లాభం వేసినా 50,000 లోపే.

ఈ పద్ధతికి లాగ్‌బుక్ క్రమశిక్షణ కావాలి. ముఖ్యంగా సెట్టింగ్ టైమును మెషీన్ గంటల్లో కలపాలా వద్దా అన్నది మొదటే తేల్చుకోవాలి. సీఎన్‌సీ తెర మీద కనిపించే సైకిల్ టైము కోత సమయాన్నే చెబుతుంది. జాబ్ మార్చి టూల్స్ బిగించి మొదటి పీసు సరిచూసేదాకా మెషీన్ ఇంకో పనికి దొరకదు. ఆ సమయాన్ని వదిలేస్తే, పది పీసుల చిన్న ఆర్డరు ఖర్చును వెయ్యి పీసుల ఆర్డరు మోస్తుంది. కలపదలిస్తే రేటు కట్టేటప్పుడూ, పని మీద వేసేటప్పుడూ రెండుచోట్లా కలపాలి. ఒకచోట కలిపి ఇంకోచోట వదిలేయడమే తరచూ జరిగే తప్పు. అలాగే పాత లేతు, ఖరీదైన సీఎన్‌సీ పక్కపక్కన ఉంటే రెండింటికీ వేరువేరు రేట్లు ఉండాలి.

రేటు సంవత్సరం మొదట్లోనే, మామూలుగా నడిచే సామర్థ్యం మీద కడతారు. పని లేక మెషీన్లు నెలకు 1,200 గంటలే తిరిగితే 3,84,000 మాత్రమే రాబట్టగలుగుతారు, 96,000 మిగిలిపోతుంది. దాన్ని కలుపుకుని రేటును 400కు పెంచితే వచ్చే కొద్దిపాటి ఆర్డర్లూ దూరమవుతాయి. అది ఖాళీగా నిలబడ్డ మెషీన్ల ఖర్చు, పనుల ఖర్చు కాదు. భారత అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 కూడా నిల్వ సరుకు విలువ కట్టేటప్పుడు స్థిరమైన ఉత్పత్తి ఓవర్‌హెడ్‌ను సాధారణ సామర్థ్యం మీదే పంచమంటుంది, ఉత్పత్తి తగ్గినంత మాత్రాన ఒక్కో వస్తువు మీద ఎక్కువ మోపనివ్వదు.

సరైన రేటు కూడా అన్ని నిర్ణయాలకూ పనికిరాదు. 320 రూపాయల్లో కరెంటు, టూల్స్ వంటి తిరిగితేనే అయ్యే ఖర్చు 80 రూపాయలే అనుకుంటే, ఖాళీ నెలలో షాఫ్టుల ఆర్డరు వల్ల చేతినుంచి అదనంగా పోయేది 10,000 ప్రైమ్ కాస్ట్, 3,200 ఓవర్‌హెడ్. 16,100కి ఒప్పుకున్నా 2,900 మిగులుతుంది. మెషీన్లు నిండుగా ఉన్న నెలలో అదే ధరకు ఒప్పుకుంటే మాత్రం, గంటకు 320 ఇవ్వగల ఇంకో పనిని నలభై గంటలపాటు గేటు బయట నిలబెట్టినట్టే.