ఏడవని బిడ్డ గుండె చప్పుడు

1960లలో అమెరికాలోని బాల్టిమోర్‌లో మేరీ ఐన్స్‌వర్త్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గది సిద్ధం చేయించారు. గదిలో రెండు కుర్చీలు, కొన్ని బొమ్మలు, గోడకు అవతలి నుంచి చూడగలిగే అద్దం. ఏడాది వయసున్న బిడ్డను తీసుకుని తల్లి లోపలికి వస్తుంది. కాసేపటికి ఒక కొత్త మనిషి వస్తుంది. తల్లి బయటికి వెళ్లి, మూడు నిమిషాల లోపే తిరిగి వస్తుంది. రెండోసారి బిడ్డను ఒంటరిగా వదిలి వెళ్తుంది, మళ్లీ వస్తుంది. మొత్తం తంతు ఇరవై నిమిషాల్లో అయిపోతుంది.

తల్లి వెళ్లగానే బిడ్డ ఎంత ఏడ్చాడో చూడటమే దీని ఉద్దేశమని మనం అనుకుంటాం. ఐన్స్‌వర్త్ ఎక్కువగా గమనించింది మాత్రం తల్లి తిరిగొచ్చిన క్షణాన్ని. ఎక్కువమంది పిల్లలు చేతులు చాచి తల్లి దగ్గరికి వెళ్లారు, ఎత్తుకోగానే కాసేపటికి సర్దుకుని మళ్లీ బొమ్మల వైపు మళ్లారు. వీళ్లది భద్రమైన అనుబంధం అన్నారు. కొందరు తల్లిని గట్టిగా పట్టుకున్నారు, అదే సమయంలో కాళ్లతో తన్నారు. చంకనెక్కినా ఏడుపు ఆగలేదు. ఇంకొందరు తల్లి వచ్చినా తలెత్తలేదు. బొమ్మతో ఆడుకుంటూనే ఉన్నారు, దగ్గరికి తీసుకుంటే ముఖం పక్కకు తిప్పుకున్నారు.

ఈ మూడో రకం పిల్లల్ని మన ఇళ్లలో ఏమంటాం? బంగారు కొండ, అస్సలు పేచీ పెట్టడు అంటాం. కానీ తర్వాతి పరిశోధకులు ఇలాంటి పిల్లల గుండె వేగాన్ని కొలిచారు. ముఖంలో ఏమీ కనిపించకపోయినా, తల్లి దూరమైనప్పుడు ఏడ్చే పిల్లల్లాగే వీళ్ల గుండె కూడా వేగంగా కొట్టుకుంటోంది. 1990లలో జర్మనీలో వీళ్ల లాలాజలాన్ని పరీక్షిస్తే, ఒత్తిడిలో శరీరం విడుదల చేసే కార్టిసాల్ పెరిగినట్టు తేలింది. అంటే బాధ ఉంది, దాన్ని చూపించడమే ఆగిపోయింది. ఏడాది నిండిన పసివాడు అప్పటికే అది నేర్చుకున్నాడు.

ఎక్కడ నేర్చుకున్నాడు? ఈ ప్రశ్నకు జవాబు ఆ గదిలో దొరకదు. ఐన్స్‌వర్త్ బృందం అంతకుముందు ఏడాది పొడవునా, దాదాపు మూడు వారాలకోసారి, ఆ కుటుంబాల ఇళ్లకు వెళ్లి ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున కూర్చుంది. బిడ్డ ఏడిస్తే ఎవరు లేచారు, ఎంతసేపటికి లేచారు, ఎత్తుకున్నప్పుడు చేతులు ఎలా ఉన్నాయి అన్నది రాసుకుంది. ముఖం తిప్పుకున్న పిల్లల ఇళ్లలో తల్లి అన్నం పెట్టేది, స్నానం చేయించేది. బిడ్డ హత్తుకోబోతే మాత్రం తోసేసినట్టు పక్కకు జరిపేది. పట్టుకుని తన్నిన పిల్లల ఇళ్లలో తల్లి ఒకసారి పరుగున వచ్చేది, ఇంకోసారి ఎంత ఏడ్చినా వచ్చేది కాదు. ఎప్పుడు వస్తుందో బిడ్డకు అంతు పట్టేది కాదు.

ఇద్దరు పిల్లలూ చేసింది తెలివైన పనే. ఏడిస్తే దూరం పెట్టే మనిషి దగ్గర ఉండాలంటే ఏడవకూడదు. ఒక్కోసారి మాత్రమే వినిపించుకునే మనిషి చేత వినిపించుకోవాలంటే ఏడుపు పెంచాలి, ఆపకూడదు. ఒకడు తన లోపలి అలారం నోరు నొక్కేశాడు, ఇంకొకడు దాని శబ్దం పెంచాడు. పెద్దయ్యాక ‘దూరం జరిగే స్వభావం’, ‘వదిలేస్తారేమోనన్న భయం’ అని మనం పిలిచే రెండింటికీ పసితనపు రూపాలు ఇవే.

(బిడ్డ ఏడవగానే ఎత్తుకుంటే చేతి అలవాటు అవుతుందని మన పెద్దవాళ్లు హెచ్చరిస్తారు. బాల్టిమోర్ ఇళ్లలో మొదటి నెలల్లో వెంటనే స్పందించిన తల్లుల పిల్లలు ఏడాది చివరికి తక్కువగా ఏడ్చారని ఐన్స్‌వర్త్ బృందం 1972లో రాసింది. దాని మీద తర్వాత చాలా వాదాలు నడిచాయి. నన్నడిగితే మూడు నెలల బిడ్డ విషయంలో ఈ హెచ్చరికను పక్కన పెట్టడమే మేలు.)

అనుబంధం గురించిన ఈ ఆలోచనకు పునాది వేసినవాడు ఇంగ్లండుకు చెందిన జాన్ బౌల్బీ. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక సినిమా తీశాడు. రెండున్నరేళ్ల పాప ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉండటమే అందులో కథ. అప్పట్లో తల్లిదండ్రుల్ని పిల్లల వార్డులో ఉండనిచ్చేవారు కాదు. మొదట ఏడ్చి, తర్వాత నీరసపడి, చివరికి మౌనంగా కూర్చున్న పిల్లల్ని చూసి అక్కడి సిబ్బంది ‘అలవాటు పడ్డారు’ అనుకునేవారు. ఆ మౌనం అలవాటు కాదని, ఆశ వదులుకోవడమని రాబర్ట్‌సన్ వాదన. డాక్టర్లలో చాలామందికి ఆ సినిమా కోపం తెప్పించింది. అయినా పిల్లల వార్డుల్లో నియమాలు మారడానికి కారణమైన వాటిలో అదీ ఒకటి.

ఇప్పుడు ఒక జంటను ఊహించుకుందాం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు, పెళ్లై ఆరేళ్లు. ఆయన చిన్నప్పుడు ఇంట్లో ఏడిస్తే ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంట్రా’ అనేవారు. ఆరో తరగతిలో హాస్టల్‌లో చేరాడు, జ్వరం వచ్చినా ఇంటికి చెప్పేవాడు కాదు. ఆమె తండ్రి మస్కట్‌లో పనిచేసేవాడు. ఒంటరిగా సంసారం లాగుతున్న తల్లి కొన్ని రోజులు గుండెలకు హత్తుకునేది, కొన్ని రోజులు కారణం చెప్పకుండా మాట్లాడటం మానేసేది. అమ్మ ముఖం చూసి ఆ రోజు ఎలాంటిదో పసిగట్టడం ఆ పిల్లకు ఏడేళ్లకే వచ్చేసింది.

ఒక సాయంత్రం ఆఫీసులో మాట పడి ఆయన ఇంటికి వచ్చాడు, ఎవరితోనూ మాట్లాడలేదు. ఆమె ముఖం చూసింది. ‘ఏమైందండీ?’ అంది. ‘ఏం లేదు.’ ‘నా మీద కోపమా?’ ‘ఏం లేదన్నానుగా, వదిలెయ్.’ ఆమెకు ఆ మౌనం పాత మౌనంలా వినిపించింది. వెంట పడింది, గొంతు పెంచింది, చివరికి ‘నేనంటే మీకు లెక్కే లేదు’ అంది. ఆయన బాల్కనీలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆమె తలుపు తట్టింది. ఆయన చెప్పులేసుకుని కిందికి దిగిపోయాడు. ఫోన్ చేస్తే ఎత్తలేదు.

ఆమె ప్రశ్నలన్నింటి వెనకా ఉన్నది ఒక్కటే: నువ్వు ఉన్నావా? ఆయనకు మాత్రం అది తప్పు పట్టడంలా వినిపించింది. ఆయన దూరం జరిగింది గొడవ పెద్దది కాకూడదని. అది ఆమెకు వదిలేయడంలా కనిపించింది. ఆమె శబ్దం పెంచేకొద్దీ ఆయన నోరు నొక్కుకున్నాడు, ఆయన నొక్కుకునేకొద్దీ ఆమె పెంచింది. ఆ రాత్రి ఆయన గుండె వేగం కొలిస్తే ఆమెది ఎంతో ఆయనదీ అంతే ఉంటుందని నా అనుమానం. ‘రాతి గుండె మనిషి’ అన్న మాట ఇలాంటివాళ్ల విషయంలో చాలాసార్లు తప్పు.

అయితే హాస్టల్‌కి వెళ్లినవాళ్లంతా ఇలా అవుతారని, గల్ఫ్‌లో పనిచేసే తండ్రుల పిల్లలంతా భయస్తులని రాస్తే అది అబద్ధం. దూరం ఒక్కటే లెక్కలోకి రాదు. బిడ్డకు అమ్మమ్మో నాయనమ్మో పిన్నో నిలకడగా దొరికితే, ఆ అనుబంధం భద్రంగానే ఏర్పడవచ్చు. అమెరికాలో ఉద్యోగాలు చేసే మన దంపతులు కొందరు నెలల బిడ్డను ఊళ్లో అమ్మమ్మ దగ్గర వదిలి, రెండు మూడేళ్లకు తీసుకెళ్తారు. అక్కడ బిడ్డ మొదట అమ్మకు దూరమవుతుంది, తర్వాత అమ్మగా మారిన అమ్మమ్మకూ దూరమవుతుంది. తల్లిదండ్రులకు గుర్తుండేది సాధారణంగా మొదటిదే.

పసితనపు తీరు పెద్దయ్యాక అచ్చంగా అలాగే నిలుస్తుందన్నదీ నిజం కాదు. ఏడాది వయసులో ఆ గదిలో చూసిన పిల్లల్ని ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షించిన ఒక అమెరికన్ అధ్యయనంలో 72 శాతం మంది పాత తీరులోనే ఉన్నారు. ఇతర అధ్యయనాల్లో ఈ పోలిక చాలా తక్కువగా కనిపించింది. ఆ మధ్యలో తల్లో తండ్రో చనిపోవడం, విడాకులు, పెద్ద జబ్బు లాంటివి వచ్చినవాళ్లలో మార్పు ఎక్కువ. చిన్ననాటి కుటుంబం ఒక మొగ్గు ఇస్తుంది, అంతే. ఆ మొగ్గును తర్వాతి జీవితం సరిచేయనూ గలదు, బలపరచనూ గలదు.

పెద్దవాళ్లలో ఆ మొగ్గు ఎటుందో ఎలా తెలుస్తుంది? ఫోన్‌లో పది ప్రశ్నలకు టిక్కులు పెడితే చెప్పేస్తామనే పరీక్షల్ని నేను పెద్దగా నమ్మను. దూరం జరిగే మనిషి తన గురించి ‘నాకేం బాధ లేదు’ అనే రాస్తాడు, అదే అతని తీరు. 1980లలో మేరీ మెయిన్, ఆమె సహచరులు కాలిఫోర్నియాలో ఇంకో దారి కనిపెట్టారు. గంటసేపు మాట్లాడిస్తారు. మీ చిన్నప్పుడు అమ్మతో మీ బంధాన్ని ఐదు మాటల్లో చెప్పండి అంటారు. తర్వాత ఒక్కో మాటకు ఒక జ్ఞాపకం అడుగుతారు. నాన్న గురించీ అలాగే.

మన జంటలోని భర్త ‘ప్రేమగా, మంచిగా, అన్నీ చూసుకునేది’ అంటాడు. ప్రేమగా అన్న మాటకు ఒక సంఘటన చెప్పమంటే ‘అమ్మ అంటే ప్రేమే కదండీ, ప్రత్యేకంగా ఏముంటుంది’ అంటాడు. మాట ఉంది, దాని కింద జ్ఞాపకం లేదు. భార్య మొదటి మాట దగ్గరే ఆగిపోతుంది. నిన్న ఫోన్‌లో అమ్మ ఏమందో, పెళ్లప్పుడు ఏం చేసిందో పావుగంట చెబుతుంది, గొంతులో కోపం ఇప్పటిదే. అడిగిన ప్రశ్న ఎటో పోతుంది. మూడో రకం మనిషి ఇలా అనవచ్చు: ‘అమ్మకు కోపం ఎక్కువ. ఒకసారి గరిటెతో కొట్టింది, రాత్రి వచ్చి నూనె రాసింది, క్షమించమని మాత్రం అనలేదు. నాకు చాలా రోజులు కోపం ఉండేది. తనకు అప్పుడు ఇరవై రెండేళ్లు, నలుగురికి వండేది.’

ఈ మూడో మనిషి బాల్యం మిగతా ఇద్దరి కంటే సుఖంగా గడిచిందని చెప్పలేం. మెయిన్ బృందం మార్కులు వేసేది బాల్యం ఎలా గడిచిందన్నదానికి కాదు. జరిగింది దాచకుండా, అందులోనే మునిగిపోకుండా చెప్పగలుగుతున్నారా అని చూస్తారు. లండన్‌లో పీటర్ ఫొనగీ, మిరియం స్టీల్, హోవర్డ్ స్టీల్ వంద మంది గర్భిణులను ఇలా మాట్లాడించి, పుట్టిన బిడ్డల్ని ఏడాది వయసులో ఆ గదిలో చూశారు. తల్లి కథ చెప్పిన తీరును బట్టి బిడ్డ తీరును నలుగురిలో ముగ్గురి విషయంలో సరిగ్గా ఊహించగలిగారు. కష్టమైన బాల్యం ఉండీ దాన్ని ఇలా చెప్పగలిగిన తల్లులూ ఉంటారు. వాళ్లలో చాలామంది వెనక ఒక మేనత్తో, టీచరో, మంచి భర్తో, ఏళ్ల తరబడి సాగిన చికిత్సో ఉంటుంది.

మన జంటకు దీనివల్ల ఒక చిన్న పని చేయడం వీలవుతుంది. ఆయన బాల్కనీలోకి వెళ్లే ముందు ‘నాకు అరగంట కావాలి, తొమ్మిదిన్నరకు వచ్చి మాట్లాడతా’ అని సమయం చెప్పాలి, చెప్పిన సమయానికి రావాలి. వస్తే ఆమె అలారం మెల్లగా తగ్గుతుంది. రెండుసార్లు రాకపోతే మొదటికే వస్తుంది. ఆమె వంతు పని కూడా ఉంది. ‘మీకు లెక్కే లేదు’ అనే బదులు ‘మీరు మాట్లాడకపోతే నాకు భయమేస్తుంది’ అనాలి. చెప్పడానికి తేలికే, నోరు తిరగడానికి నెలలు పడుతుంది. ఇద్దరి వల్లా కాకపోతే జంటలతో పనిచేసే సైకాలజిస్టును కలవవచ్చు.

ఒక విషయంలో మాత్రం ఈ లెక్క వర్తించదు. బిడ్డకు ఆసరా కావలసిన మనిషే భయపెడితే, కొడితే, ఆ బిడ్డ దగ్గరికీ రాలేడు, దూరమూ పోలేడు. మెయిన్, జుడిత్ సాలమన్ ఈ నాలుగో రకాన్ని తర్వాత విడిగా గుర్తించారు. పెద్దవాళ్ల ఇంట్లోనూ అంతే. భర్త నిజంగానే వారాల తరబడి మాయమవుతుంటే, చెయ్యి చేసుకుంటుంటే, భార్యకు కలిగే భయం చిన్ననాటి అలవాటు కాదు. అది ఆ ఇంట్లో ఇప్పుడు జరుగుతున్న దాని గురించిన సమాచారం.